30 శాతం గెలిచినా డబ్బు ఎందుకు పోయింది? టిప్‌స్టర్ గెలుపు శాతం అసలు లెక్క

ప్రశ్న: అన్నా, నేను మలక్‌పేట రేసులకు వెళ్తుంటా. ఒక టిప్‌స్టర్‌కి నెలకు 2,000 కట్టి మూడు నెలలు ఫాలో అయ్యా. ఇచ్చిన 100 టిప్‌లూ బుకీ దగ్గర 500 చొప్పున విన్‌కే ఆడా. 5/4 రేటువి 60, గెలిచినవి 25. 7/2వి 30, గెలిచినవి 4. 12/1వి 10, గెలిచింది ఒక్కటి. "సగటు రేటు 3/1, దానికి 25 శాతం గెలిస్తే చాలు, నాది 30 శాతం, కాబట్టి నువ్వు లాభంలోనే ఉన్నావు" అంటాడు. 500 టికెట్‌కి ట్యాక్స్‌తో కలిపి 700 కట్టా, అది లెక్కలోకి రాదంటాడు. నా దగ్గర డబ్బు మాత్రం బాగా తగ్గింది. తేడా ఎక్కడుంది? అసలు ఎంత శాతం గెలిస్తే లాభం? (సైదాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు:

తమ్ముడూ, అతను చెప్పిన సగటు నిజమే, 25 శాతం లెక్కా నిజమే. కాకపోతే ఆ రెండింటినీ నీ టికెట్ల మీద కలిపి వాడకూడదు, మొత్తం తేడా అక్కడే మొదలైంది. నువ్వు ఏ రేటుకి ఎన్ని ఆడావు, ఎన్ని గెలిచావు అని విడివిడిగా రాశావు చూడు, చాలా మంచి పని చేశావు. చాలామంది "ఇన్ని ఆడా, ఇన్ని గెలిచా" అని మాత్రమే రాస్తారు, దాంతో ఏమీ తేలదు.

ముందు మూలం చూద్దాం. 3/1 అంటే 100 పెడితే 300 గెలుపు, నీ 100 నీకు వాపస్, మొత్తం 400 చేతికి. కాబట్టి అదే రేటుకి నాలుగు టికెట్లు కొంటే ఖర్చు 400, అందులో ఒకటి గెలిస్తే పెట్టింది పెట్టినట్టు వెనక్కి వస్తుంది. నాలుగింట ఒకటి, అంటే 25 శాతం. దీన్నే బ్రేక్ ఈవెన్ అంటాం. ఏ రేటుకైనా ఇదే పద్ధతి: పెట్టిన డబ్బుని, గెలిస్తే చేతికొచ్చే మొత్తంతో భాగించు. ఇక్కడ గెలుపు డబ్బుతో పాటు నీ అసలు కూడా కలపాలి, అది మర్చిపోతే లెక్క తప్పుతుంది. ఈవెన్స్‌కి 50 శాతం, 6/4కి 40, 2/1కి 33, 4/1కి 20. వీటిలో వాదనకి తావు లేదు.

అయితే ఈ లెక్క పనిచేసేది అన్ని టికెట్లూ ఒకే రేటులో ఉన్నప్పుడే. నీ 100 టికెట్లలో అసలు 3/1 టికెట్ ఒక్కటీ లేదు, గమనించావా? 5/4, 7/2, 12/1 ఉన్నాయి, వాటిని కలిపి సగటు తీస్తే 3/1 వచ్చింది. ఇప్పుడు ఆ 12/1 టిప్‌లు పదీ పక్కనపెట్టి మిగతా 90కి సగటు తీసి చూడు, 2/1 వస్తుంది. అంటే పది టికెట్లు, వాటిలో గెలిచింది ఒక్కటే, అవి మొత్తం సగటుని 2/1 నుంచి 3/1కి లేపాయి. సగటు లేచేసరికి "ఇంత గెలిస్తే చాలు" అనే శాతం 33 నుంచి 25కి దిగిపోయింది. మధ్యమధ్యలో నాలుగు పెద్ద రేటు గుర్రాలు చెప్తే చాలు, ఏ టిప్‌స్టర్‌కైనా కాగితం మీద బ్రేక్ ఈవెన్ తగ్గిపోతుంది, వాటిలో ఒక్కటి కూడా గెలవకపోయినా సరే. అతను కావాలని చేశాడో, తెలియక చేశాడో నేను చెప్పలేను. డబ్బు పోయేది మాత్రం రెండు విధాలా నీదే.

సరైన లెక్క ఎలా చేయాలంటే, ఏ రేటు గుంపుకి ఆ గుంపుగా చూడాలి. 5/4కి 500 పెడితే గెలిచినప్పుడు 1,125 వస్తుంది. 500ని 1,125తో భాగిస్తే 44.4 శాతం, అంటే 60 టికెట్లలో దాదాపు 27 గెలవాలి. నీకు గెలిచినవి 25. 7/2కి చేతికొచ్చేది 2,250, కావాల్సింది 22.2 శాతం, 30లో దాదాపు 7 రావాలి, వచ్చినవి 4. 12/1కి 6,500 వస్తుంది, కావాల్సింది 7.7 శాతమే, పదిలో ఒక్కటి కంటే తక్కువే చాలు, ఒకటి వచ్చింది, ఆ ఒక్క చోటే నువ్వు ముందున్నావు. ఈ మూడింటిలో కావాల్సిన గెలుపులు కలిపితే 34 అవుతుంది. అతను చెప్పిన 25 కాదు. ట్యాక్స్ లేకుండా, ఫీజు లేకుండా, కేవలం సమానంగా బయటపడటానికే 34 కావాలి, వచ్చినవి 30.

ఇదే విషయాన్ని ఇంకో దారిలో కూడా చూసుకోవచ్చు, ఇది ఇంకా తేలిక. గెలిచిన 30 టికెట్లకీ కౌంటర్ దగ్గర నీ చేతికొచ్చిన డబ్బు మొత్తం కూడు: 25 సార్లు 1,125, నాలుగు సార్లు 2,250, ఒకసారి 6,500, అన్నీ కలిపి 43,625. దాన్ని 30తో భాగిస్తే గెలిచిన టికెట్‌కి సగటున 1,454 రూపాయలు. 500 మీద 1,454 అంటే అది 3/1 కాదు, 2/1 కంటే కూడా కాస్త తక్కువ. 500ని 1,454తో భాగిస్తే 34.4 శాతం. రెండు దారుల్లోనూ 34 దగ్గరే తేలింది. మొదటి దారి రేసు మొదలవకముందే, రేట్లు మాత్రమే చూసి చేసేది. రెండోది రేసులయ్యాక, గెలిచినవి చూసి చేసేది. అందుకే చిన్న తేడా.

సగటు తీయాల్సింది గెలిచిన టికెట్ల రేటుకి. టిప్ ఇచ్చిన గుర్రాలన్నిటి రేటుకీ కాదు. ఓడిన గుర్రం రేటు 12/1 అయినా 50/1 అయినా నీకు వచ్చేది సున్నాయే, దాని రేటుని సగటులో కలపడంలో అర్థం లేదు. ఇక మీదట ఏ టిప్‌స్టర్ అయినా సగటు రేటు చెప్తే, అది గెలిచినవాటి సగటా, మొత్తం సగటా అని ముందు అడుగు.

ఇప్పుడు ట్యాక్స్ సంగతి. అది లెక్కలోకి రాదనడం అన్నిటికంటే పెద్ద తప్పు, నీ జేబుకి పడిన పెద్ద చిల్లు కూడా అదే. గుర్రప్పందేల మీద జీఎస్టీ ఇంతకుముందు 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం అయింది. అది నీ లాభం మీద వేసేది కాదు, టికెట్ ముఖ విలువ మీద వేసేది. గెలిచినా ఓడినా కట్టాల్సిందే, గెలిచినప్పుడు తిరిగి రాదు. రేటు మాత్రం 500కే వర్తిస్తుంది, నువ్వు కట్టిన 700కి కాదు. కాబట్టి లెక్కలో పైన ఉండాల్సింది 500 కాదు, 700. 700ని 1,454తో భాగిస్తే 48.1 శాతం. అంటే వందలో 48 గెలుపులు.

ఇది రేటుని బట్టి ఎలా మారుతుందో చూస్తే చిన్న రేట్ల సంగతి అర్థమవుతుంది. ఈవెన్స్ ఫేవరెట్‌కి 500 పెడితే చేతికి 1,000, కట్టింది 700, కాబట్టి 50 కాదు, 70 శాతం గెలవాలి. నీ 5/4 గుర్రాలకి 44 కాదు, 62 శాతం, 60లో 37 పైన గెలిస్తే తప్ప లాభం లేదు. ఇక 2/5 రేటు ఫేవరెట్ ఉందనుకో, 500కి గెలుపు 200, అసలుతో కలిపి 700, కట్టింది 700. ఆ గుర్రం ప్రతిసారీ గెలిచినా నీకు మిగిలేది సున్నా, ఒక్కసారి ఓడితే నష్టం మొదలు. "కన్ఫర్మ్ గుర్రం, రేటు తక్కువైనా పర్లేదు" అని చెప్పే టిప్‌లు బుకీ దగ్గర ఎందుకు పనికిరావో ఇక్కడే తెలిసిపోతుంది. పెద్ద రేట్లలో కూడా పెరుగుదల అంతే, 12/1కి 7.7 కాస్తా 10.8 అవుతుంది, చూడ్డానికి చిన్నగా ఉంటుంది గానీ ప్రతి రేటు దగ్గరా నూరు గెలుపులు సరిపోయే చోట నూట నలభై కావాలి.

అందరి పందెం డబ్బూ ఒకచోట వేసి గెలిచినవాళ్ళకి పంచే టోట్‌లో ఆడితే లెక్క చేసే తీరు వేరు, అక్కడ కోతలు పోయాకే డివిడెండ్ ప్రకటిస్తారు, రేటు కూడా రేసు అయ్యేదాకా ఖాయం కాదు. అయినా సూత్రం మారదు: టికెట్‌కి నీ జేబులోంచి పోయింది ఎంత, గెలిచిన టికెట్‌కి జేబులోకి వచ్చింది ఎంత, ఈ రెండు అంకెలే రాసుకో. మధ్యలో ఎవరు ఎంత కోశారన్నది దానంతటదే అందులోకి వచ్చేస్తుంది. ట్యాక్స్ ఉండదని ఎవరైనా బయటి బుకీనో, ఫోన్‌లో ఏదైనా యాప్‌నో చూపిస్తే అటు వెళ్ళకు. తెలంగాణలో డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2017లోనే నిషేధించారు. అక్కడ గెలిచిన డబ్బు ఇవ్వకపోతే నువ్వు ఎవరినీ అడగలేవు, అప్పుడు ఏ శాతం లెక్కా పనికిరాదు.

ఇక ఫీజు. మూడు నెలలకి 6,000 కట్టావు, వచ్చిన టిప్‌లు 100, టిప్‌కి 60 పడింది. దాన్నీ టికెట్ ఖర్చులో కలిపితే 760. 760ని 1,454తో భాగిస్తే 52.3. నువ్వు అడిగిన "అసలు ఎంత శాతం" అనేదానికి జవాబు ఇదే: ఈ రేట్ల దగ్గర, ఈ ట్యాక్స్‌తో, ఈ ఫీజుతో, నీ 500 టికెట్‌కి వందలో 53 గెలిస్తే లాభం మొదలవుతుంది. పెట్టిన దాని మీద 5 శాతమైనా మిగలాలంటే 55. అతను చెప్పిన గీత 25, నీకు కావాల్సింది 53, వచ్చింది 30. మొత్తం మీద నీ జేబులోంచి పోయినవి 76,000, వచ్చినవి 43,625, తగ్గింది 32,375. నీ దగ్గరున్న డబ్బుతో పోల్చి చూసుకో, ఇంచుమించు ఇదే తేలాలి. తేలకపోతే ఏదో టికెట్ రాయడం మర్చిపోయి ఉంటావు.

ఈ 32,375ని విడదీసి కూడా చూడు, ఎందుకంటే ఏది ఎంత తిన్నదో తెలియాలి. గుర్రాలు సరిగ్గా గెలవకపోవడం వల్ల పోయింది 6,375. ఫీజు 6,000. ట్యాక్స్ 20,000. టిప్‌లు ఇంకాస్త బాగుండి, అన్ని గుంపుల్లోనూ సరిగ్గా సమానంగా గెలిచి ఉన్నా నీకు 26,000 పోయేది.

ఇక్కడ నీకు ఒక ఆలోచన వస్తుంది, నాకు తెలుసు. ఫీజు స్థిరంగా 60 కాబట్టి టికెట్ 2,000కి పెంచితే ఫీజు భారం తగ్గుతుంది కదా అని. శాతంగా చూస్తే నిజమే, కావాల్సిన గెలుపు 52 నుంచి 49కి దిగుతుంది. కానీ ఇప్పుడు ఫీజు కాకుండానే నీకు టికెట్‌కి సగటున 264 పోతోంది, టికెట్ నాలుగింతలు చేస్తే అది 1,055 అవుతుంది. ఇవే ఫలితాలు వస్తే మూడు నెలల్లో లక్ష దాటి పోతుంది. ఫీజుని పలచన చేయడానికి పందెం పెంచడం అనే పని దయచేసి చేయకు.

మరి అతని పనితనం గురించి ఈ 100 టిప్‌లు ఏం చెప్తున్నాయి? ఇక్కడ నేను అతని పట్ల కూడా న్యాయంగా ఉండాలి. సరాసరి 34 గెలవాల్సిన చోట వందలో అదృష్టం వల్లే ఐదు అటూ ఐదు ఇటూ ఊగడం చాలా మామూలు. కాబట్టి 30 రావడాన్ని బట్టి అతనికి ఏమీ తెలియదని తేల్చేయలేం. ఏ తెలివీ వాడకుండా రేటు చూసి గుర్రాన్ని ఎంచుకున్నా ఇంతే వచ్చి ఉండొచ్చు, తెలిసినవాడికి దురదృష్టం వల్ల కూడా ఇంతే వచ్చి ఉండొచ్చు. కానీ 53కి, 30కి మధ్య తేడాని దురదృష్టం అని సర్దిచెప్పలేం, ఊగిసలాట ఎంత ఉన్నా అంత ఉండదు. నిజంగా 53 గెలిపించగలిగినవాడికి వందలో 30 రావడం దాదాపు జరగదు.

దీన్ని తిప్పి చూస్తే ఇంకో మోసం కూడా కనిపిస్తుంది, ఇది చాలామంది పడేది. అన్నీ 5/2 రేటు టిప్‌లే ఇచ్చే ఒకతను ఉన్నాడనుకో, ఆ రేటుకి 28.6 శాతం గెలిస్తే సమానం. అతనికి ప్రత్యేకమైన తెలివి ఏమీ లేదు, నిజంగా 28.6 శాతమే గెలుస్తాడు. అలాంటి వాడికి కూడా 50 టిప్‌ల వరుసలో 18 లేదా అంతకంటే ఎక్కువ గెలుపులు సుమారు ఆరింట ఒకసారి వస్తాయి. 50లో 18 అంటే 36 శాతం, ప్రకటనలో పెట్టుకోవడానికి ఎంత బాగుంటుందో చూడు. ఆరుగురు టిప్‌స్టర్లు ఉంటే ఒకడి దగ్గర అలాంటి వరుస ఉంటుంది, నీకు వాట్సాప్‌లో వచ్చేది వాడి స్క్రీన్‌షాటే. అదే 36 శాతం 500 టిప్‌ల మీద చూపిస్తే అప్పుడు నేను కూడా కూర్చుని వింటాను, అంత పొడవునా అదృష్టం ఒక్కటే అలా మోయదు. అందుకే 50 టిప్‌ల రికార్డు చూసి డబ్బు కట్టకూడదు, రికార్డులో మధ్య నెలలు మాయమైతే అసలే కట్టకూడదు.

రేటు గురించి ఇంకొక్కటి. నీ చీటీలో రాసిన రేట్లు నీకు టికెట్ మీద దొరికినవే అని అనుకుని లెక్కేశాను, ఒకసారి చూసుకో. టిప్‌స్టర్ తన రికార్డులో రాసుకునేది సాధారణంగా టిప్ పంపినప్పుడు ఉన్న రేటు. ఆ మెసేజ్ చూసి నలుగురూ అదే గుర్రం మీద పడితే నువ్వు రింగ్‌లో బుకీ దగ్గరికి చేరేసరికి 7/2 కాస్తా 5/2 అయిపోతుంది. 500కి 2,250 రావాల్సింది 1,750 అవుతుంది, ట్యాక్స్‌తో కలిపి కావాల్సిన గెలుపు 31 శాతం నుంచి 40కి ఎగురుతుంది. అప్పుడు అదే టిప్‌లతో, అవే గెలుపులతో అతని పుస్తకంలో లాభం ఉంటుంది, నీ పుస్తకంలో నష్టం ఉంటుంది, ఇద్దరూ నిజమే చెప్తుంటారు. టిప్ రేటు ఒక గడిలో, నీ టికెట్ రేటు పక్క గడిలో రాసుకుంటే నెల తిరిగేసరికి ఈ జారుడు ఎంతో తెలిసిపోతుంది.

ఆదాయపు పన్ను కూడా ఉంది, క్లుప్తంగా చెప్తా. గుర్రప్పందెం గెలుపు మీద 30 శాతం పన్ను, సెస్ అదనం, గెలుపు 10,000 దాటితే చెల్లించేటప్పుడే టీడీఎస్ కోస్తారు. ఓడిపోయిన టికెట్లని గెలుపులోంచి తీసేసి చూపించడానికి వీలు లేదు. దాన్ని కూడా కలిపితే 53 ఇంకా పైకి పోతుంది. ఎంత పైకి అన్నది నీ గెలుపుల సైజుని బట్టి ఉంటుంది, దాని కోసం నీ రిటర్నులు వేసే ఆయన్ని అడుగు.

నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా. 40 శాతం ట్యాక్స్ కట్టి, బుకీ తన మార్జిన్ వేసుకున్న రేటుకి ఆడి, పైన ఫీజు కూడా కట్టి లాభం తీయాలంటే ఆ టిప్‌స్టర్ ప్రతి రేటు దగ్గరా ఆ రేటు చెప్పే దానికంటే సగం పైన ఎక్కువ గెలిపించాలి, నీ లెక్కలో 34 బదులు 53. నెలకు 2,000కి అంత తెలివి అమ్మే మనిషి ఉంటాడని నేను నమ్మను. నాలుగో నెల ఫీజు కట్టకు. అతను ఫోన్ చేసి బతిమాలితే పాత టిప్‌లు 500 వరసగా, తేదీ, రేసు నంబరు, టిప్ పంపిన టైము, అప్పటి రేటు, ఫలితం అన్నీ ఉన్న పట్టిక పంపమను. పంపితే నువ్వు ఈ పైన చేసినట్టే రేటు గుంపులుగా విడదీసి, ప్రతి గుంపులో 700కి ఎంత రావాలో పెట్టి చూడు, ఒక సాయంత్రం పని. కష్టమనిపిస్తే ఆ పట్టిక నాకు పంపు, నేనే వేసి పంపిస్తా.